యాడ్ ఖర్చు పెరిగింది, అమ్మకం అక్కడే ఉంది: చీరల షాపు ఓనర్‌కి వారం మెయిల్‌లో ఏం రాయాలి?

కొత్తపేట_డిజిటల్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపుకి ఫేస్‌బుక్, ఇన్‌స్టా యాడ్స్ నేను చూస్తాను. యాడ్ నొక్కితే షాపు వాట్సాప్ తెరుచుకుంటుంది. ఫొటోలు అడుగుతారు, నచ్చితే ఆర్డర్ పెడతారు. ప్రతి సోమవారం పొద్దున ఓనర్ గారికి పోయిన వారం లెక్క మెయిల్‌లో పంపాలి. ఆయన పెద్దాయన, కౌంటర్ దగ్గర కూర్చుని ఫోన్‌లోనే చదువుతారు.

ఆషాఢం చివరి వారం 14,000 ఖర్చయింది, 28 ఆర్డర్లు, 61,600 అమ్మకం. శ్రావణం మొదటి వారం 18,200 ఖర్చయింది, 29 ఆర్డర్లు, 62,900 అమ్మకం. యాడ్ కనిపించిన సార్లు దాదాపు అంతే: అప్పుడు 1,40,000, ఇప్పుడు 1,38,000. వాట్సాప్‌కి వచ్చిన సంభాషణలు 280 నుంచి 284. నేను రాసుకున్నది కింద ఉంది. అందులో సీపీఎం అంటే యాడ్ వెయ్యిసార్లు చూపించడానికి పడే ఖర్చు, ఆర్‌ఓఏఎస్ అంటే రూపాయి యాడ్ ఖర్చుకి వచ్చిన అమ్మకం:

"సార్, శ్రావణం సీజన్ వల్ల వేలంలో పోటీ పెరిగి మన సీపీఎం 100 నుంచి 132కి చేరింది. మిగతా రేట్లు నిలకడగా ఉన్నాయి. ఆర్‌ఓఏఎస్ 4.4 నుంచి 3.5కి వచ్చింది. సీజన్ తగ్గాక మామూలు అవుతుంది."

పంపించేముందు ఒకసారి మీరు చూడండి. ఇది చదివి ఆయన ఫోన్ చేసి "అయితే ఇప్పుడు ఏం చేద్దాం?" అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మలక్‌పేట_మార్కెటర్

ఇందులో దాచేదేం లేదు బ్రో, సీజనే. మూఢాలు, ఆషాఢం పోయి ముహూర్తాలు మొదలయ్యాయి, వరలక్ష్మీ వ్రతం వస్తోంది. పెద్ద షోరూములన్నీ అదే ఆడవాళ్లకి అదే యాడ్ చూపిస్తున్నాయి. రేటు పెరగకుండా ఎలా ఉంటుంది? ఇంకో మాట, బడ్జెట్ ఒకేసారి 20 శాతం కన్నా ఎక్కువ పెంచితే యాడ్ మళ్లీ లెర్నింగ్‌లోకి, అంటే ఎవరికి చూపించాలో సిస్టమ్ నేర్చుకునే దశలోకి పోతుంది. నువ్వు పెంచావా?

అమీర్‌పేట_పాతకాపు

రెండు వారాల మొత్తం అంకెలు పక్కన పెట్టండి. ముందు నాకు మూడు సంగతులు కావాలి. యాడ్ సెట్లు ఎన్ని ఉన్నాయి? ఏ సెట్‌లో ఎంత ఖర్చయింది, ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమందికి కనిపించింది? వారం మధ్యలోగానీ మొదట్లోగానీ బడ్జెట్ మార్చారా?

రోజు బడ్జెట్ పెట్టి నడుపుతున్నప్పుడు పోటీ పెరిగినంత మాత్రాన మొత్తం ఖర్చు పెరగదు. అదే డబ్బుకి తక్కువసార్లు కనిపిస్తుంది, అంతే. ఒక రోజు కొంచెం ఎక్కువ ఖర్చుపెట్టినా వారానికి ఏడు రోజుల బడ్జెట్ దాటదు. మీకు 14,000 కాస్తా 18,200 అయిందంటే ఎవరో బడ్జెట్ పెంచారు. ఆ సంగతి మీ మెయిల్‌లో ఎక్కడా లేదు.

కొత్తపేట_డిజిటల్

పెంచాం అన్నా. ఆదివారం సాయంత్రం ఓనర్ గారే ఫోన్ చేసి "శ్రావణం వస్తోంది, మన చుట్టుపక్కల బాగా తిప్పు, రోజుకి ఇంకో ఆరు వందలు పెట్టు" అన్నారు. సోమవారం నుంచి పెట్టాను.

సెట్లు రెండు. ఒకటి షాపు చుట్టూ ఐదు కిలోమీటర్లు, ఆడవాళ్లు, 25 నుంచి 54 ఏళ్లు. రెండోది హైదరాబాద్ మొత్తం. పెంచిన 600 మొత్తం మొదటిదానికే వెళ్లింది.

దగ్గరి సెట్: అప్పుడు 7,000 ఖర్చు, 68,000 సార్లు, 27,200 మందికి. ఇప్పుడు 11,200 ఖర్చు, 75,500 సార్లు, 27,960 మందికి.

ఊరు మొత్తం సెట్: అప్పుడు 7,000 ఖర్చు, 72,000 సార్లు. ఇప్పుడు అదే 7,000, 62,500 సార్లు.

అమీర్‌పేట_పాతకాపు

ఇదిగో, మీ జవాబు ఇక్కడుంది.

ఊరు మొత్తం సెట్‌ని మీరు ముట్టుకోలేదు. అదే బడ్జెట్, అదే యాడ్. అక్కడ వెయ్యిసార్లు చూపించడానికి 97 రూపాయలు పడేది, ఇప్పుడు 112 పడింది. అంటే 15 శాతం. బజారులో రేటు ఎంత పెరిగిందో తెలుసుకోవడానికి మీ దగ్గరున్న మంచి కొలత ఇదే. మలక్‌పేట వారు చెప్పిన సీజన్ నిజమే, కానీ దాని వాటా ఇంతే.

దగ్గరి సెట్‌లో 103 నుంచి 148కి వెళ్లింది. 44 శాతం. బజారు 15 పెరిగితే ఇక్కడ 44 ఎందుకు పెరగాలి? మీరు పంపిన మనుషుల లెక్క చూడండి. డబ్బు 60 శాతం ఎక్కువ పెట్టారు, కొత్తగా చేరింది 760 మంది. ఐదు కిలోమీటర్లలో ఫేస్‌బుక్, ఇన్‌స్టా వాడే, ఆ వయసు ఆడవాళ్లలో మీ యాడ్ సులువుగా చేరగలిగినవాళ్లని ముందు వారమే చేరిపోయింది. తర్వాత వచ్చిన డబ్బుతో సిస్టమ్ రెండు పనులు చేయగలదు: చూసినవాళ్లకే మళ్లీ చూపించడం, లేదా ఇన్నాళ్లూ ఖరీదని వదిలేసిన చోట్ల ఎక్కువ రేటుకి కొనడం. మీకు రెండూ జరిగాయి. ఒక్కొక్కరికి 2.5 సార్లు కనిపించేది 2.7 అయింది. అది పెద్ద పెరుగుదల కాదు. ఎక్కువ భాగం ఖరీదైన చోట్ల కొనడమే.

ఇక 20 శాతం రూల్ గురించి. అది మన ఫీల్డ్‌లో అందరూ పాటించే జాగ్రత్త, మెటా పెట్టిన గీత కాదు. పెద్ద మార్పు చేస్తే లెర్నింగ్ మళ్లీ మొదలు కావచ్చు, చిన్న మార్పుకి కాదు, అంతవరకే వాళ్లు చెప్తారు. పైగా లెర్నింగ్ నుంచి బయటపడటానికి ఒక సెట్‌కి వారంలో సుమారు 50 ఫలితాలు వస్తే చాలు. దగ్గరి సెట్‌కి ఎన్ని సంభాషణలు వచ్చాయి?

కొత్తపేట_డిజిటల్

168. ముందు వారం 150. డెలివరీ కాలమ్‌లో మంగళవారం వరకు లెర్నింగ్ అని చూపించింది, తర్వాత యాక్టివ్.

అమీర్‌పేట_పాతకాపు

అయితే దాన్ని వదిలేయండి. ఒకటి రెండు రోజులు ఊగిసలాడి ఉంటుంది, వారం మొత్తాన్ని అది మోయదు.

బేగంబజార్_అబ్బాయి

అన్నా, నేను యాడ్స్ మనిషిని కాను, హోల్‌సేల్ లెక్కలు మాత్రం తెలుసు. దగ్గరి సెట్‌లో అదనంగా పెట్టింది 4,200. అదనంగా కనిపించింది 7,500 సార్లు. అంటే ఆ అదనపు సరుకు వెయ్యికి 560 పడింది! సగటు 148 అని చూసుకుంటే ఇది కనిపించదు. ఓనర్‌కి చెప్పాల్సింది ఈ 560.

అమీర్‌పేట_పాతకాపు

మీరు పట్టుకున్న దారి సరైనదే, అంకె మాత్రం ఎక్కువైంది. బడ్జెట్ పెంచకపోయినా రేటు 15 శాతం పెరిగేది కదా. అప్పుడు ఆ 7,000కి 68,000 రావు, 59,000 వస్తాయి. అక్కడి నుంచి 75,500 దాకా, అంటే దాదాపు 16,400 సార్లు, ఈ 4,200 తెచ్చింది. వెయ్యికి 256. మామూలుగా పడాల్సిన 118కి రెట్టింపు పైనే.

ఇంకో మెట్టు దిగి ఆర్డర్ల దాకా వెళ్దాం. వెయ్యిసార్లు చూపిస్తే రెండుకి కొంచెం పైన సంభాషణలు, పది సంభాషణలకి ఒక ఆర్డర్. రెండు వారాల్లోనూ ఈ నిష్పత్తి మారలేదు. అందుకే యాడ్ చెడిపోయిందనో, వాట్సాప్‌లో మీవాళ్లు జవాబు సరిగా ఇవ్వలేదనో అనుకోవడానికి ఆధారం లేదు. ఆ లెక్కన 16,400 సార్లకి 34 సంభాషణలు, మూడు నాలుగు ఆర్డర్లు. 4,200కి మూడు నాలుగు ఆర్డర్లంటే ఒక్కోదానికి 1,200 అటూ ఇటూ.

ఒక్క ఆర్డర్ మీద షాపుకి మిగిలేది ఎంత? అది తెలియకుండా ఈ మెయిల్ రాయలేం.

కొత్తపేట_డిజిటల్

సగటు బిల్లు 2,200 దగ్గర. కొరియర్, ప్యాకింగ్ పోను 700 దాకా మిగులుతుందని ఓనర్ గారు ఒకసారి అన్నారు.

అమీర్‌పేట_పాతకాపు

అయితే మొత్తం మీద ఆర్డర్‌కి 500 పడేది 628 అయింది, 700 లోపే ఉంది కాబట్టి వారం నష్టం కాదు. కానీ పెంచిన ఆరు వందల భాగం మాత్రం ఒక్కో ఆర్డర్ మీద నష్టమే. ఓనర్‌కి తెలియాల్సింది ఈ తేడా. సీజన్ అని ఊరుకుంటే వచ్చే వారం కూడా అదే ఆరు వందలు పోతాయి.

ఏసీ_సర్వీస్_కూకట్‌పల్లి

నాకూ ఇదే జరిగింది. గూగుల్‌లో రోజుకి 500 పెడితే ఒకరోజు 900 పైన కోసేశాడు. మీరు కూడా రోజు బడ్జెట్ చూసుకోండి, వాళ్లే పెంచేస్తారు.

అమీర్‌పేట_పాతకాపు

మీది వేరే సంగతి అండి. గూగుల్‌లో ఒక రోజు రెట్టింపు దాకా పోనిస్తారు, కానీ నెలకి రోజు బడ్జెట్‌కి 30.4 రెట్లు దాటనివ్వరు. నెల మొత్తం కూడి చూడండి, ఎక్కువైతే అప్పుడు అడగండి. ఇక్కడ మాత్రం పెంచింది మనుషులే.

పద్దుల_అక్క

ఒక మాట ఎవరూ అనలేదు కాబట్టి చెప్తున్నా. మీ ఓనర్ గారు యాడ్స్ మేనేజర్ తెరవరు. ఆయన చూసేది బ్యాంక్ ఎస్సెమ్మెస్. యాడ్స్ మేనేజర్‌లో కనిపించే 18,200లో జీఎస్టీ ఉండదు. 18 శాతం కలిపితే 21,476. మీరు మెయిల్‌లో 18,200 అని రాస్తే, ఆయన ఫోన్‌లో కనిపించే డబ్బు వేరేగా ఉంటుంది. పైగా కార్డు నుంచి కోత వారం వారం పడదు. ఖర్చు ఒక మొత్తానికి చేరినప్పుడల్లా పడుతుంది. సోమవారం నుంచి ఆదివారం దాకా వచ్చిన ఎస్సెమ్మెస్‌లు కూడితే మీ లెక్కతో ఎప్పటికీ కలవదు. నా దగ్గరికి వచ్చే షాపులవాళ్ల అనుమానాల్లో సగం ఇక్కడే పుడతాయి. రెండు అంకెలూ పక్కపక్కన రాయండి బాబూ.

ఇంకోటి. ఆ జీఎస్టీని షాపు క్రెడిట్‌గా తీసుకుంటోందా? యాడ్ అకౌంట్ బిల్లింగ్‌లో షాపు జీఎస్టీ నంబర్ ఇచ్చారా? కాంపోజిషన్ స్కీమ్‌లో ఉంటే క్రెడిట్ రాదు. అప్పుడు ఆర్డర్‌కి 628 కాదు, 741. మీరు చెప్పిన 700 దాటిపోయింది.

కొత్తపేట_డిజిటల్

అక్కా, కాంపోజిషన్ అవునో కాదో నాకు తెలీదు. విజయవాడ, కర్నూలు నుంచి కూడా ఆర్డర్లు వస్తాయి, పార్సెల్ పంపిస్తారు.

పద్దుల_అక్క

రాష్ట్రం దాటి సరుకు అమ్ముతుంటే కాంపోజిషన్‌లో ఉండటానికి లేదు. కాబట్టి రెగ్యులర్ అయ్యుండాలి. అయినా వాళ్ల అకౌంటెంట్‌ని అడగండి. బిల్లింగ్‌లో నంబర్ ఉందో లేదో మీరే ఇప్పుడే చూసేయొచ్చు.

కొత్తపేట_డిజిటల్

చూశాను. ఖాళీగా ఉంది. అకౌంట్ తెరిచింది నాకన్నా ముందు చేసినవాళ్లు.

పద్దుల_అక్క

అయితే ఇన్నాళ్ల ఇన్‌వాయిస్‌లలో షాపు నంబర్ లేదు. వెంటనే పెట్టించండి. పాతవాటి సంగతి అకౌంటెంట్ తేల్చాలి. ఇది మెయిల్‌లో ఒక వాక్యంగా వెళ్లాలి, వచ్చే వారానికి వాయిదా వేయొద్దు.

లెక్క_తప్పొద్దు

పాతకాపు గారి లెక్క బాగుంది, ఒక అభ్యంతరం ఉంది. 28 ఆర్డర్లు, 29 ఆర్డర్లు. ఇంత చిన్న అంకెలు ఏ మార్పూ లేకుండానే వారానికి ఐదు అటూ ఇటూ ఊగుతాయి. "అదనపు డబ్బు మూడు నాలుగు ఆర్డర్లే తెచ్చింది" అని గట్టిగా ఎలా చెప్తారు? ఆరు వందలు పెట్టకపోతే 22కి పడిపోయేదేమో. అప్పుడు ఓనర్ గారి నిర్ణయమే కరెక్ట్.

అమీర్‌పేట_పాతకాపు

ఒప్పుకుంటాను. ఆర్డర్ల సంఖ్య అంచనానే, అలాగే రాయాలి. కానీ యాడ్ కనిపించిన సార్లు వేలల్లో, లక్షల్లో ఉంటాయి, అక్కడ అదృష్టానికి చోటు తక్కువ. దగ్గరి సెట్‌లో డబ్బు 60 శాతం ఎక్కువ పోసి 11 శాతమే ఎక్కువ చూపించగలిగాం అన్నది గట్టి మాట. మెయిల్ దాని మీద నిలబడాలి. ఆర్డర్ల మాట "సుమారు" అని ఉండాలి.

లెక్క_తప్పొద్దు

అలా అయితే సరే. ఊరు మొత్తం సెట్‌ని బజారు రేటుకి కొలతగా తీసుకోవడం కూడా ఊహే. ఆ సెట్‌లో దిల్‌సుఖ్‌నగర్ వాళ్లు కూడా ఉన్నారు కదా? రెండు సెట్లూ ఒకే మనిషి దగ్గర తగులుకుంటాయి.

అమీర్‌పేట_పాతకాపు

ఉన్నారు. ఒకే అకౌంట్‌లోని రెండు సెట్లు ఒకే మనిషికి అర్హమైతే సిస్టమ్ ఒకదాన్నే వేలంలోకి పంపుతుంది, కాబట్టి మనతో మనమే పోటీపడి రేటు పెంచుకోం. కానీ ఊరు మొత్తం సెట్ కొన్ని చోట్ల తప్పుకోవాల్సి వచ్చి ఉంటుంది. 15లో ఒకటి రెండు శాతం అలా వచ్చిందేమో. ఊరు మొత్తం సెట్ నుంచి ఆ ఐదు కిలోమీటర్లు మినహాయిస్తే వచ్చే వారం కొలత శుభ్రంగా ఉంటుంది.

షాపువాళ్లబ్బాయి

మాది కూడా బట్టల షాపే, నాన్న కూర్చుంటారు. ఆయనకి ఇలాంటి రిపోర్టులు వస్తే మొదటి రెండు లైన్లు చదివి ఫోన్ పక్కన పెట్టేస్తారు. సీపీఎం, ఆర్‌ఓఏఎస్ కనబడితే అసలు చదవరు. ఎంత పోయింది, ఎన్ని ఆర్డర్లు, ఎందుకు, ఏం చేస్తున్నావు, ఇంతే కావాలి.

ఇంకోటి, "మీరు చెప్పినందుకే పెంచాను" అని రాయకండి. పెద్దవాళ్లకి మెయిల్‌లో అలా కనిపిస్తే తప్పు మోపినట్టు ఉంటుంది.

పద్దుల_అక్క

నాకు ఇది నచ్చలేదు. ఆయన చెప్పారన్నది నిజం. రాయకపోతే రెండు నెలల తర్వాత "నువ్వెందుకు పెంచావ్" అంటారు. మర్యాదగా రాయొచ్చు, దాచక్కర్లేదు.

కొత్తపేట_డిజిటల్

రెండూ కుదిరేలా రాశాను. చూడండి.

"సార్, నమస్తే.

పోయిన వారం యాడ్స్‌కి 18,200 అయింది (జీఎస్టీతో 21,476). అంతకుముందు వారం 14,000 (జీఎస్టీతో 16,520). ఆర్డర్లు 29, అంతకుముందు 28. అంటే ఒక్కో ఆర్డర్‌కి జీఎస్టీ కాకుండా 500 పడేది 628 పడింది. బ్యాంక్ మెసేజ్‌లు వారం లెక్కతో కలవవు, ఖర్చు ఒక మొత్తానికి చేరినప్పుడు కోత పడుతుంది.

రెండు కారణాలు. ఒకటి, శ్రావణం కాబట్టి పెద్ద షాపులు కూడా యాడ్స్ పెంచాయి, ఊరంతా రేటు సుమారు 15 శాతం పెరిగింది. ఇది మన చేతిలో లేదు. రెండు, ఆదివారం మనం మాట్లాడుకున్నట్టు షాపు చుట్టుపక్కలకి రోజుకి 600 పెంచాం. ఆ ఏరియాలో మన యాడ్ దాదాపు అందరికీ ముందే చేరింది. 60 శాతం ఎక్కువ డబ్బు పెడితే 11 శాతమే ఎక్కువ కనిపించింది, కొత్తగా 760 మందే చూశారు. ఆ అదనపు డబ్బుకి మూడు నాలుగు ఆర్డర్లు వచ్చి ఉంటాయని నా అంచనా, అంటే ఒక్కోదానికి వెయ్యి పైనే. మీరు చెప్పిన 700 మిగులు కన్నా ఎక్కువ.

ఈ రోజు నుంచి ఆ 600 తీసేస్తున్నాను. వచ్చే సోమవారానికి చుట్టుపక్కల సెట్‌లో వెయ్యిసార్లకి 148 నుంచి 120 దగ్గరికి రావాలి. రాకపోతే కారణం వేరే ఉన్నట్టు, అప్పుడు యాడ్ వీడియో మారుస్తాను.

బిల్లింగ్‌లో షాపు జీఎస్టీ నంబర్ లేదు. పెట్టడానికి నంబర్ పంపండి. పాత ఇన్‌వాయిస్‌ల గురించి అకౌంటెంట్ గారితో ఒకసారి మాట్లాడాలి."

షాపువాళ్లబ్బాయి

"మనం మాట్లాడుకున్నట్టు" బాగుంది. అయితే నాన్న అయితే ఒకటే అడుగుతారు: యాడ్ చూసి నేరుగా షాపుకి వచ్చినవాళ్ల లెక్క ఏది? చుట్టుపక్కలవాళ్లు వాట్సాప్ ఎందుకు చేస్తారు, నడిచి వచ్చేస్తారు.

అమీర్‌పేట_పాతకాపు

ఇది అసలైన ప్రశ్న. దగ్గరి సెట్ విలువ వాట్సాప్ ఆర్డర్లలో సగమే కనిపిస్తుందేమో. కౌంటర్ బిల్లులు రెండు వారాలవీ ఉన్నాయా?

కొత్తపేట_డిజిటల్

మొత్తం అమ్మకం మాత్రం చెప్పారు, దాదాపు అంతే ఉందట. రోజువారీ లేదు.

అమీర్‌పేట_పాతకాపు

ఆషాఢం చివర్లో తగ్గింపు అమ్మకాలు, తర్వాత శ్రావణం పెళ్లి కొనుగోళ్లు. ఈ రెండు వారాల కౌంటర్‌ని పోల్చి యాడ్ ప్రభావం తేల్చలేం. 600 తీసేశాక రెండు వారాలు రోజువారీ కౌంటర్ బిల్లుల సంఖ్య రాయించండి. బిల్లు వేసే అమ్మాయి "యాడ్ చూశారా అమ్మా" అని అడిగి గీత పెట్టినా చాలు. ఈ మెయిల్‌లో మాత్రం "నేరుగా షాపుకి వచ్చినవాళ్లు ఈ లెక్కలో లేరు" అని ఒక వాక్యం చేర్చండి.

మలక్‌పేట_మార్కెటర్

ఆ 600 తీసేయడం ఎందుకు, ఊరు మొత్తం సెట్‌కి మార్చొచ్చు కదా? అక్కడ 112కే దొరుకుతోంది.

అమీర్‌పేట_పాతకాపు

ఒక్కసారిగా 1,000ని 1,600 చేస్తే అక్కడ కూడా ఇదే జరగొచ్చు. ఆ సెట్ పెద్దది కాబట్టి తక్కువ జరుగుతుంది. నేనైతే 200 మార్చి ఒక వారం చూస్తాను. కానీ పండగ దగ్గరికి వచ్చేసింది, అంత నిదానం కుదరదని మీరంటే కాదనను.

మలక్‌పేట_మార్కెటర్

వరలక్ష్మీ వ్రతం దాకా నేనైతే 400 పెట్టేస్తా.

కొత్తపేట_డిజిటల్

షాపుకి వచ్చినవాళ్ల వాక్యం చేర్చి పంపాను. ఐదు కిలోమీటర్లు ఊరు మొత్తం సెట్ నుంచి మినహాయించాను. 200 మారుద్దామా 400 మారుద్దామా అన్నది ఓనర్ గారు ఫోన్ చేశాక ఆయన్నే అడుగుతాను. వచ్చే సోమవారం అంకెలు ఇక్కడే పెడతాను.